తెర మీద రోగి జాడ: వెంటిలేటర్ తరంగాల్లో పొంతన లేని శ్వాసను గుర్తించడం

వెంటిలేటర్ మీద ఉన్న రోగికి స్పృహ కాస్త తేలగానే ఒకే ఊపిరి కోసం రెండు పంపులు పనిచేస్తుంటాయి. ఒకటి యంత్రం, రెండోది రోగి డయాఫ్రమ్. యంత్రం ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత వేగంగా గాలి ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి మనం పెట్టిన సెట్టింగులు నిర్ణయిస్తాయి. డయాఫ్రమ్‌కు ఆ మూడూ మెదడు చెబుతుంది. ఈ రెండు లెక్కలూ కలవనప్పుడు వచ్చేదే అసింక్రొనీ. వార్డు భాషలో దీనికి ‘రోగి వెంటిలేటర్‌తో ఫైట్ చేస్తున్నాడు’ అనే మాట స్థిరపడింది. ఆ మాట వెంటే సెడేషన్ పెంచమనే ఆర్డరు కూడా వచ్చేస్తుంది. కానీ తప్పు ఎక్కువసార్లు సెట్టింగులది. అది ఏ సెట్టింగో తెర మీదే కనబడుతుంది. ఎక్కడ చూడాలి, చూసినదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నవే ఈ వ్యాసంలోని రెండు ప్రశ్నలు.

యంత్రం పట్టుకోని గీతను చూడాలి

ఐసీయూలో కొత్తగా చేరినవారికి అసింక్రొనీ రకాలను ఓ పెద్ద పట్టికగా నేర్పుతుంటారు. పది బొమ్మలు కంఠస్థం చేసినవారు బెడ్ దగ్గర పదకొండో బొమ్మ ఎదురైతే ఆగిపోతారు. వాటన్నిటి వెనకా ఉన్నది ఒకే సూత్రం. శ్వాసనాళంలో యంత్రం పెట్టే పీడనం, రోగి కండరాలు తెచ్చే పీడనం కలిసి మూడు పనులు చేయాలి: పీప్‌ను దాటాలి, ఊపిరితిత్తులను సాగదీయాలి, గొట్టాల అవరోధాన్ని తట్టుకుని గాలిని నడిపించాలి. ఈ లెక్క ఏ క్షణంలోనైనా సరిపోవలసిందే. ప్రెజర్, ఫ్లోలలో యంత్రం ఒకదాన్ని బిగించి పట్టుకుంటే, రోగి చేసిన ప్రయత్నం రెండోదానిలో బయటపడి తీరుతుంది.

వాల్యూమ్ కంట్రోల్‌లో యంత్రం ఫ్లోను పట్టుకుంటుంది. రోగి ఎంత గట్టిగా లాగినా ఫ్లో గీత చెక్కినట్టు చతురస్రంగానే ఉంటుంది, ప్రెజర్ గీత మాత్రం వంగుతుంది. ప్రెజర్ కంట్రోల్, ప్రెజర్ సపోర్ట్ మోడుల్లో పట్టుకునేది ప్రెజర్‌ను. అక్కడ రోగి జాడ ఫ్లోలో దొరుకుతుంది. నిశ్వాసంలో ఏ మోడైనా యంత్రం పీప్ దగ్గర ప్రెజర్‌ను నిలబెడుతుంది కాబట్టి ప్రధానంగా చూడవలసింది ఫ్లోనే, ప్రెజర్‌లో ఓ చిన్న పల్లం దానికి సాక్ష్యం మాత్రమే. మోడు పేరు చదవగానే ‘ఇప్పుడు స్వేచ్ఛగా ఉన్న గీత ఏది’ అని ప్రశ్నించుకోవడం అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

దానికి ముందు తెరను చదవడానికి వీలుగా సర్దుకోవాలి. ప్రెజర్ స్కేలు 80 దాకా ఉంటే ఒక సెంటీమీటరు పల్లం గీత మందంలో కలిసిపోతుంది. తెర మీద పదిహేను శ్వాసలు ఇరుక్కుని ఉంటే నిశ్వాసంలోని గుబ్బ కనబడదు. మూడు నాలుగు శ్వాసలు మాత్రమే పట్టేలా తెర వేగాన్ని పెట్టి, స్కేలు తగ్గించి, తర్వాత ఫ్రీజ్ నొక్కి చూడాలి. ఫ్రీజ్ చేసేముందు ఒక చేయి రోగి పొట్ట మీద ఉంచి, చేతికింద కదలికనూ తెర మీద కదలికనూ ఒక నిమిషం జత చేసి చూస్తే తర్వాత చదవడం సులువవుతుంది.

వృథా అయ్యే ప్రయత్నం: ఒక కేసు

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది, అన్నిటికంటే ఎక్కువగా కన్నుగప్పేది వృథా ప్రయత్నం. రోగి ఊపిరి కోసం లాగుతాడు, యంత్రం స్పందించదు. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం.

సీఓపీడీ ఉన్న అరవై ఏళ్ల మనిషి. ఎత్తు 165 సెంటీమీటర్లు, అంటే లెక్క ప్రకారం ఉండవలసిన బరువు సుమారు 61 కిలోలు. ప్రెజర్ సపోర్ట్ 18, పీప్ 5, ట్రిగర్ నిమిషానికి 2 లీటర్ల ఫ్లో, శ్వాస ఆగే హద్దు 25 శాతం. తెర మీద రేటు 20, టైడల్ వాల్యూమ్ 640 మిల్లీలీటర్లు. నిమిషానికి 20 అన్న అంకె చూసి, రోగి హాయిగా ఉన్నాడని రౌండ్స్‌లో అందరూ ముందుకు కదులుతారు.

ఫ్లో గీతను ఫ్రీజ్ చేసి చూస్తే కథ వేరు. నిశ్వాసపు ఫ్లో బేస్‌లైన్ కిందికి దిగి, సున్నాకు తిరిగి రాకముందే తరవాతి శ్వాస మొదలవుతోంది. అంటే గాలి పూర్తిగా బయటికి పోవడం లేదు, లోపల ఆటో పీప్ చేరుతోంది. ప్రతి రెండు శ్వాసల తర్వాత వచ్చే నిశ్వాసం మధ్యలో గీత ఒక్కసారి బేస్‌లైన్ వైపు గుబ్బలా లేచి మళ్లీ కిందికి జారుతోంది. సరిగ్గా అదే క్షణంలో ప్రెజర్ గీతలో సన్నని పల్లం. చేతికింద పొట్ట కదిలింది, యంత్రం మాత్రం శ్వాస ఇవ్వలేదు. పొట్ట మీద చేయి పెట్టి లెక్కపెడితే నిమిషానికి 30 ప్రయత్నాలు తేలాయి. యంత్రం అందుకున్నవి 20, వృథా అయినవి 10.

అసింక్రొనీ ఇండెక్స్ లెక్క ఇలా: పొంతన లేని సంఘటనల సంఖ్యను, యంత్రం ఇచ్చిన శ్వాసలు, వృథా ప్రయత్నాలు కలిపిన మొత్తంతో భాగించి శాతంగా చెప్పాలి. ఇక్కడ 30లో 10, అంటే 33 శాతం. 10 శాతం దాటితే తీవ్రమైనదిగా లెక్కించడం పరిశోధనల్లో వాడుక.

కారణం ట్రిగర్ మొద్దుబారడం కాదు. ఊపిరితిత్తుల్లో ఇరుక్కున్న గాలి పీడనం మొత్తం 12 అనుకుంటే, పీప్ 5 పోగా మిగిలిన 7 సెంటీమీటర్లను రోగి ముందు తన కండరంతో చెరిపేయాలి. ఆ తర్వాతే ఫ్లో లోపలికి తిరిగి యంత్రానికి కబురు అందుతుంది. బలహీనపడిన డయాఫ్రమ్ ఆ 7 దాటలేని ప్రతిసారీ ప్రయత్నం వృథా. ట్రిగర్‌ను 2 నుంచి 1కి తగ్గిస్తే ఈ దూరం తగ్గదు. పైగా గొట్టంలో నీరు కదిలినా, గుండె కొట్టుకున్నా యంత్రం తనంతట తాను శ్వాస ఇచ్చే ప్రమాదం మొదలవుతుంది.

ఇరుక్కున్న గాలికి మూలం ఏమిటి? ఒక్కో శ్వాసకు 640 మిల్లీలీటర్లు, అంటే కిలోకు 10కి పైనే. అంత గాలిని ఇవ్వడానికి యంత్రం 1.4 సెకన్లు తీసుకుంటోంది. రోగికేమో రెండు సెకన్లకొకసారి ఊపిరి కావాలి. మధ్యలో గాలి బయటికి పోవడానికి మిగిలింది 0.6 సెకను. సీఓపీడీ ఊపిరితిత్తికి అది ఏ మూలకూ చాలదు. అంటే సాయం తక్కువై కాదు, ఎక్కువైనందువల్లే ఇక్కడ ప్రయత్నాలు వృథా అవుతున్నాయి.

కాబట్టి దిద్దుబాటు కూడా ఆ వరుసలోనే. సపోర్ట్‌ను రెండేసి చొప్పున దించుతూ 12కి తెచ్చారు. శ్వాస ఆగే హద్దును 25 నుంచి 45 శాతానికి పెంచారు, దాంతో యంత్రం త్వరగా వదిలేస్తుంది. పీప్‌ను 5 నుంచి 7కు పెంచారు. వాయునాళాలు నిశ్వాసంలో కుంచించుకుపోయే రోగుల్లో ఇది దాటవలసిన దూరాన్ని తగ్గిస్తుంది, ఆటో పీప్‌కు లోబడి ఉన్నంత వరకు ఊపిరితిత్తిని మరింత ఉబ్బించదు. టైడల్ వాల్యూమ్ 430కి, యంత్రపు శ్వాస నిడివి 0.9 సెకనుకు వచ్చాయి. నిశ్వాసంలో గుబ్బలు దాదాపు పోయాయి.

అప్పుడే సిస్టర్ పిలిచింది: “సార్, రేటు ఇరవై నుంచి ఇరవై ఎనిమిదికి పోయింది. సపోర్ట్ మళ్లీ పెంచమంటారా?” ఇక్కడే చాలా మంది తప్పటడుగు వేస్తారు. రోగి రేటు మారలేదు, అది మొదటి నుంచీ 30. అందులో 28 ఇప్పుడు యంత్రానికి అందుతున్నాయి, అంతే. నిమిషానికి అందే గాలి అప్పుడు 12.8 లీటర్లు, ఇప్పుడు 12. ఇండెక్స్ 30లో 2, అంటే 7 శాతం లోపు. సపోర్ట్‌ను మళ్లీ పెంచితే తెర మీద 20 అన్న అందమైన అంకె తిరిగి వస్తుంది, దానితోపాటే వృథా ప్రయత్నాలూ వస్తాయి. మార్పు తర్వాత చూడవలసింది అంకెను కాదు: మెడ కండరాలు వాడుతున్నాడా, చెమట పడుతోందా, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందా అన్నది. అవి చెడితేనే వెనక్కి వెళ్లాలి.

ఫ్రాన్స్‌లో థీయ్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ పనే చేసింది. ప్రెజర్ సపోర్ట్‌ను తగ్గించినప్పుడు, శ్వాస నిడివిని కుదించినప్పుడు వృథా ప్రయత్నాలు బాగా తగ్గాయి. సపోర్ట్ తగ్గించడం వాటిలో ఎక్కువ ఫలితమిచ్చింది.

శ్వాస ఎక్కడ ఆగింది

ప్రెజర్ సపోర్ట్‌లో శ్వాసను ముగించేది ఫ్లో. అత్యధిక ఫ్లో 60 లీటర్లు, హద్దు 25 శాతమైతే, ఫ్లో 15కు పడగానే యంత్రం నిశ్వాసానికి తిరుగుతుంది. సీఓపీడీలో ఫ్లో మెల్లగా పడుతుంది కాబట్టి యంత్రం ఆలస్యంగా ఆగుతుంది. బిగిసిన ఊపిరితిత్తిలో ఫ్లో చటుక్కున పడిపోతుంది కాబట్టి ముందే ఆగుతుంది.

ఆలస్యంగా ఆగితే రెండు గుర్తులు. రోగి కండరం వదులైన చోట ఫ్లో వాలు ఒక్కసారిగా మారుతుంది. ఆ తర్వాత మిగిలిన గాలి యంత్రం నెట్టుకుంటూ పోయేదే. రోగి అసహనంతో ఊది బయటికి నెట్టడం మొదలుపెడితే శ్వాస చివర ప్రెజర్ గీత పెట్టిన మట్టం దాటి ముల్లులా పైకి లేస్తుంది. ముందే ఆగితే రోగి ఇంకా లాగుతూనే ఉంటాడు. నిశ్వాసపు ఫ్లో మొదలైన వెంటనే గీత బేస్‌లైన్ వైపు వెనక్కి లేస్తుంది.

ఈ రెండో గుర్తునూ వృథా ప్రయత్నాన్నీ కలగలపడం చాలా సాధారణం, ఎందుకంటే రెండింటిలోనూ నిశ్వాసంలో గుబ్బ ఉంటుంది. తేడా చోటులో ఉంది. యంత్రం ఆగిన మరుక్షణం వచ్చే గుబ్బ పాత ప్రయత్నానికి కొనసాగింపు. నిశ్వాసం కొంత సాగాక వచ్చే గుబ్బ కొత్త ప్రయత్నం. చికిత్స మాత్రం పూర్తిగా వ్యతిరేకం: మొదటిదానికి శ్వాసను పొడిగించాలి, రెండోదానికి తరచుగా కుదించాలి. అందుకే గుబ్బ ఉందని గుర్తించి ఆగిపోకుండా, అది ఎక్కడుందో కూడా చెప్పగలగాలి.

గాలి ఆకలి

వాల్యూమ్ కంట్రోల్‌లో నిమిషానికి 40 లీటర్ల స్థిరమైన ఫ్లో ఇస్తున్నారనుకోండి. రోగికి అంతకంటే ఎక్కువ కావాలి. ఫ్లో గీత కదలదు. నిటారుగా పైకి పోవలసిన ప్రెజర్ గీత మాత్రం మధ్యలో గరిటెతో తోడినట్టు లోపలికి గుంటపడుతుంది. ఫ్లోను 60 వైపు పెంచడం, లేదా రోగి కోరినంత ఫ్లో దొరికే ప్రెజర్ మోడుకు మారడం మొదటి అడుగు. మారితే టైడల్ వాల్యూమ్ మీద కన్నేసి ఉంచాలి. నొప్పి, జ్వరం, ఎసిడోసిస్ వంటివి రోగి గిరాకీని పెంచుతున్నాయేమో వెతకడం రెండోది.

ఇందులో ఉచ్చు ఏమిటంటే, గుంటపడిన గీతలో ప్రెజర్ అంకెలు తక్కువగా కనబడతాయి. చార్టులో చూసినవారు ఊపిరితిత్తి మెరుగైందనుకుంటారు. నిజానికి యంత్రం తగ్గించుకున్న పీడనాన్ని రోగి కండరం భర్తీ చేసింది, ఊపిరితిత్తి మీద పడే మొత్తం లాగుడు తగ్గలేదు. శ్వాస గీత రూపం చెడినప్పుడు ఆ శ్వాసలో కనబడే ప్రెజర్ అంకెను నమ్మకూడదు.

ఒకటి మీద ఒకటి: రెండు శ్వాసల వెనక రెండు కారణాలు

నిశ్వాసం దాదాపు లేకుండా రెండు శ్వాసలు వెంటవెంటనే పడటం ఏఆర్‌డీఎస్ రోగుల్లో తరచుగా చూస్తాం. టైడల్ వాల్యూమ్ కిలోకు 6 మిల్లీలీటర్లే పెట్టాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే ఊపిరితిత్తి భరించేది 12కు దగ్గరగా ఉంటుంది. 60 కిలోల లెక్కలో అది 360 కాదు, 720.

తెర మీద ఒకేలా కనబడే ఈ బొమ్మకు రెండు మూలాలున్నాయి. మొదటిది డబుల్ ట్రిగర్. రోగే శ్వాస మొదలుపెట్టాడు, అతని ప్రయత్నం యంత్రపు శ్వాస కంటే పొడవుగా సాగింది, యంత్రం ఆగగానే ఆ మిగులు ప్రయత్నం రెండోసారి ట్రిగర్ చేసింది. రెండోది రివర్స్ ట్రిగర్. యంత్రం తన గడియారం ప్రకారం శ్వాస ఇచ్చింది, ఊపిరితిత్తి సాగడమే ప్రేరణగా డయాఫ్రమ్ కదిలింది, ఆ కదలిక రెండో శ్వాసను పిలిచింది. గాఢమైన సెడేషన్‌లో ఉన్న ఎనిమిది మంది ఏఆర్‌డీఎస్ రోగుల్లో దీన్ని అకుమియానాకి బృందం 2013లో వివరించింది. అప్పటి వరకు, పూర్తిగా నిద్రలో ఉన్న రోగి ట్రిగర్ చేయడని చాలా మంది అనుకునేవారు.

ఈ రెండింటినీ విడదీయడానికి చూడవలసింది రెండో శ్వాసను కాదు, మొదటిదాని మొదలును. మొదటి శ్వాసకు ముందు ప్రెజర్‌లో పల్లం ఉంటే అది రోగి పిలుపు, డబుల్ ట్రిగర్. పల్లం లేకుండా, యంత్రంలో పెట్టిన రేటుకు సరిపోయే ఎడంలో శ్వాసలు మొదలవుతుంటే, ప్రయత్నం శ్వాస మధ్యలోనో చివరనో కనబడితే అది రివర్స్ ట్రిగర్. ప్రతి యంత్రపు శ్వాసకోసారో, రెండింటికోసారో, మూడింటికోసారో ఒకే లయలో రావడం దాని లక్షణం. ప్రయత్నం బలహీనమైతే రెండో శ్వాస రాకపోవచ్చు, అప్పుడు ప్రెజర్ కంట్రోల్‌లో ఫ్లో మధ్యలో ఒక ఉబ్బు, వాల్యూమ్ కంట్రోల్‌లో విరామ సమయపు మట్టంలో ఒక జారుడు మాత్రమే మిగులుతాయి.

విడదీయడం ఎందుకంటే మందు మారుతుంది. డబుల్ ట్రిగర్‌కు శ్వాస నిడివిని రోగి ప్రయత్నానికి సరితూగేలా పెంచడం, ఊపిరితిత్తి ఓర్చుకోగలిగితే టైడల్ వాల్యూమ్‌ను స్వల్పంగా పెంచడం, గిరాకీకి కారణాన్ని తగ్గించడం. రివర్స్ ట్రిగర్‌కు సెడేషన్ పెంచడం తరచుగా తప్పు దారి. రేటు మార్చి చూడటం, వీలైతే సెడేషన్ తగ్గించి రోగి సొంత లయను తిరిగి రానివ్వడం మేలు. తీవ్రమైన ఏఆర్‌డీఎస్‌లో పేరుకున్న శ్వాసలు ఆగకపోతే కండరాలను సడలించే మందు తాత్కాలికంగా అవసరపడుతుంది.

కన్ను ఎంతవరకు చూడగలదు

ఇటలీలో కొలంబో బృందం 2011లో ఐసీయూ వైద్యులకు ప్రెజర్, ఫ్లో గీతలు మాత్రమే చూపించి, వారు గుర్తించినదాన్ని డయాఫ్రమ్ విద్యుత్ సంకేతంతో పోల్చింది. జరిగిన అసింక్రొనీలలో వారు పట్టుకున్నది 22 శాతమే. అనుభవజ్ఞులు కొత్తవారికంటే మెరుగ్గా చేశారు, అయినా మూడో వంతుకు చేరలేదు. ఈ అంకెను చూపి తరంగాలు చదవడం పనికిరాదనే వాదన వచ్చింది.

2022లో పావియాకు చెందిన మోజోలీ బృందం దీనికి మరో వైపు చూపించింది. ప్రెజర్ సపోర్ట్‌లో ప్రయత్నం మొదలు, కండరం వదులయ్యే చోటు, ముగింపు వీటిని ఎక్కడ గుర్తించాలో ముందే నియమాలుగా రాసుకుని, ఆ నియమాలతోనే గీతలను చదివించారు. అన్నవాహిక పీడనంతో పోలిస్తే దాదాపు అన్ని ప్రయత్నాలూ దొరికాయి. రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. మొదటిది కదులుతున్న తెరను అలవాటుగా చూసినప్పుడు ఏం తప్పిపోతుందో చెబుతుంది, రెండోది నియమం పెట్టుకుని నెమ్మదిగా చదివితే ఏం దొరుకుతుందో చెబుతుంది.

నియమం ఉన్నా దొరకనివి కొన్ని ఉంటాయి. గుండె కొట్టుకోవడం వల్ల వచ్చే చిన్న అలలు నిశ్వాసంలో ప్రయత్నంలా కనబడతాయి. మానిటర్‌లో గుండె రేటుతో వాటి లయ కలిస్తే అవి ప్రయత్నాలు కావు. నిశ్వాసపు గీత రంపపు పళ్లలా ఉంటే ముందు కఫమో, గొట్టంలో నీరో చూడాలి, వాటిని తీసేశాకే మిగతా చదువు. మరీ బలహీనమైన ప్రయత్నాన్ని, మరీ బలమైన ప్రయత్నపు తీవ్రతను ఈ రెండు గీతలూ చెప్పలేవు. అలాంటి సందేహం నిర్ణయాన్ని మార్చేటప్పుడు అన్నవాహిక బెలూనో, డయాఫ్రమ్ అల్ట్రాసౌండో కావాలి.

తేలినది, తేలవలసినది

థీయ్ బృందం 2006లో 62 మంది రోగులను పరిశీలించింది. దాదాపు నాలుగో వంతు మందిలో ఇండెక్స్ 10 శాతం దాటింది. వారు వెంటిలేటర్ మీద ఉన్న రోజుల మధ్యస్థం 25.5, మిగతావారికి 7.5. స్పెయిన్‌లో బ్లాంక్ బృందం 2015లో 50 మందిని కంప్యూటర్‌తో నిరంతరం గమనించి, 10 శాతం దాటినవారిలో ఐసీయూ మరణాలు 67 శాతమని, మిగతావారిలో 14 శాతమని చూపింది. అయితే 10 శాతం దాటినవారి గుంపు చాలా చిన్నది. ఎక్కువ జబ్బుపడినవారికే అసింక్రొనీ ఎక్కువ వస్తుందా, అసింక్రొనీ వల్లే జబ్బు ముదురుతుందా అన్నది ఈ లెక్కలతో తేలదు. అసింక్రొనీని తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయని చూపిన పెద్ద పరీక్ష ఇంకా లేదు.

అయినా బెడ్ దగ్గర నిర్ణయానికి పనికొచ్చే ఫలితం ఒకటుంది. షాంక్ బృందం 2013లో తీవ్రమైన అసింక్రొనీ ఉన్న రోగుల్లో మూడు దారులను పోల్చింది: ఏమీ చేయకపోవడం, సెడేషన్ పెంచడం, వెంటిలేటర్ సెట్టింగు మార్చడం. సెట్టింగు మార్చినప్పుడే అసింక్రొనీ ఎక్కువగా తగ్గింది.

ఇండెక్స్ అన్ని సంఘటనలనూ సమానంగా లెక్కేస్తుంది, ఊపిరితిత్తి అలా లెక్కవేయదు. ఒక వృథా ప్రయత్నం వల్ల కండరానికి అలుపు, రేటు విషయంలో మనకు భ్రమ. ఒకటి మీద ఒకటి పడిన శ్వాస వల్ల ఆ క్షణమే ఊపిరితిత్తికి రెట్టింపు సాగుడు. అందుకని ఏఆర్‌డీఎస్ రోగిలో పేరుకునే శ్వాసలను గంటకు నాలుగైదే ఉన్నా ముందు సరిచేయాలి. సీఓపీడీ రోగిలో అప్పుడప్పుడు కనబడే వృథా ప్రయత్నాన్ని ఇండెక్స్ లెక్కేసి, సపోర్ట్ తగ్గించడానికి అవకాశంగా తీసుకోవాలి. ఏ సెట్టింగు మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చి, అరగంట తర్వాత అదే స్కేలులో మళ్లీ ఫ్రీజ్ చేసి పక్కపక్కన పోల్చాలి. గీత మారకపోతే మన నిర్ధారణ తప్పన్నమాట, అప్పుడు వెతకవలసింది మరో కారణాన్ని, సెడేషన్ సిరంజిని కాదు.